వెనక్కి ఎందుకు చూశావ్ అన్నాను

గుంటూరు

అమ్మలూ,

ఆశీస్సులు. నిన్న స్కూల్లో స్పోర్ట్స్ డే అయింది. శాలువా, దండ, ఫొటోలు, మామూలు తంతే. రాలేకపోయానని బాధపడ్డావు గానీ, నువ్వు లేకపోవడమే మంచిదైంది. మైకులో నీ సంగతే మాట్లాడాను.

మీ అమ్మ దగ్గరుండి రాయించిన రెండు పేజీల ఉపన్యాసం జేబులోనే ఉండిపోయింది. రిలే పిల్లల్ని ట్రాక్ మీదికి పిలిచి, గుర్తు ఎలా పెట్టాలో చూపిస్తూ మొదలుపెట్టాను.

"బ్యాటన్ అందుకునే పిల్ల తను నిలబడే చోటు నుంచి వెనక్కి, అడుగుకి అడుగు ఆనించి 22 అడుగులు కొలిచి గీత పెట్టుకుంటుంది. వచ్చే పిల్ల ఆ గీత దాటగానే ఈ పిల్ల ఇక వెనక్కి చూడకుండా ఉరకాలి. చెయ్యి అందకపోతే గీతని రెండు మూడడుగులు దగ్గరికి జరపండి. వచ్చే పిల్ల మీదపడుతుంటే దూరం జరపండి. ఈ కొలత ఆ ఇద్దరు పిల్లలది. ఒకరు అలిసిపోతే గీత మారాలి."

అక్కడ ఆగి, నీ ఎనిమిదో తరగతి జిల్లా పోటీల గురించి చెప్పాను. నీకు బ్యాటన్ ఇచ్చే పిల్ల అరగంట ముందే 200 మీటర్లు పరిగెత్తి వచ్చింది. మిట్టమధ్యాహ్నం. నేనేమో పొద్దున ప్రాక్టీసులో కుదిరిన 22 అడుగులే ఉంచాను. నేను నేర్పినట్టే ఉరికావు. ఆ పిల్ల నిన్ను అందుకోలేకపోయింది. బ్యాటన్ మార్చుకోవాల్సిన జోన్ అయిపోతోందని నువ్వు వెనక్కి తిరిగావు, చెయ్యి ఊగింది, బ్యాటన్ నీ వేళ్లకి తగిలి కిందపడింది. గబుక్కున వంగి తీసుకుని పరిగెత్తావు. డిస్‌క్వాలిఫై చేశారు.

బ్యాటన్ పడినంత మాత్రాన టీమ్ అవుట్ కాదు. నీ చేతికి పూర్తిగా రాకముందే పడింది కాబట్టి, తీయాల్సింది ఆ పిల్ల. అది మీకు ఎప్పుడూ చెప్పలేదు నేను. పడకుండా పట్టుకోవడమే నేర్పాను.

అయినా అందరి ముందూ "వెనక్కి ఎందుకు చూశావ్" అని నీ మీదే కేకలేశాను. ఇంటికొచ్చేదాకా బస్సులో నువ్వు మాట్లాడలేదు. తొమ్మిదిలో రిలేకి పేరివ్వలేదు. పరీక్షలున్నాయన్నావు, నేనూ నమ్మినట్టే ఊరుకున్నాను.

"ఆ రోజు తప్పు ఈ డ్రిల్లు మాస్టారుది" అన్నాను మైకులో. పిల్లలు చప్పట్లు కొట్టారు. వాళ్లకేం, ఎక్కడ ఆపితే అక్కడ చప్పట్లే. ముందు వరసలో ఒక ఆరో తరగతి పిల్లాడు మాత్రం లేచి, "మరి అక్కకి సారీ చెప్పారా సార్?" అన్నాడు.

ఇవాళే రాస్తానన్నాను.

నాన్న