లాగ్ చూడటం నేర్పిన మా మెంటార్‌కు

మేడమ్, ఈ రోజుతో నా ఇంటర్న్‌షిప్ అయిపోయింది. వెళ్లే ముందు అందరి ముందూ మీకు థాంక్స్ చెప్పాలనిపించింది.

రెండో నెలలో నేను రాసిన ఆర్డర్ల పేజీ గుర్తుందా? నా ల్యాప్‌టాప్‌లో పది ఆర్డర్లతో చకచకా వచ్చేది. టెస్ట్ సర్వర్‌లో 200 ఆర్డర్లు ఉండేసరికి కదిలేది కాదు. సర్వర్‌దే తప్పనుకున్నాను. మీరు కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, "డేటాబేస్‌కి ఎన్ని క్వెరీలు వెళ్తున్నాయో లాగ్‌లో లెక్కపెట్టు" అన్నారు.

లెక్కపెడితే 201. ఆర్డర్ల జాబితాకి ఒకటి, ఆ తర్వాత ప్రతి ఆర్డర్‌కీ కస్టమర్ పేరు కోసం మళ్లీ ఒక్కొక్కటి. లూప్ లోపల నేను రాసిన ఒక్క లైనే దానికి కారణం. మీకది చూడగానే తెలిసిపోయి ఉంటుంది, అయినా కీబోర్డ్ ముట్టుకోలేదు. గంటసేపు తంటాలు పడి రెండు టేబుళ్లనూ `JOIN`తో కలిపాను. 201 కాస్తా ఒకటైంది. అప్పుడు మీ ముఖంలో కనిపించిన సంతోషం నాకింకా గుర్తుంది.

ఇప్పుడు ఏ పేజీ నెమ్మదించినా ముందు లాగ్ తెరుస్తున్నాను. టెన్షన్‌లో అడిగిందే మళ్లీ అడిగినా మీరు ఏ రోజూ విసుక్కోలేదు. మీకు ఎంతో రుణపడి ఉన్నాను మేడమ్.