ఉప్పల్ టికెట్లు కొనే ముందు

చిన్నా,

ఆ అమ్మాయి లక్ష్మణ్ అభిమాని అని నిన్న ఫోన్లో చెబుతుంటే నీ గొంతులో సంతోషం తెలిసిపోయింది. రాత్రంతా అదే ఆలోచన, అందుకే రాస్తున్నా.

తను ఈడెన్ గార్డెన్స్ మాట ఎత్తగానే లక్ష్మణ్ 281, ద్రావిడ్ 180, ఫాలోఆన్ ఆడి మరీ గెలిచాం అని గడగడా చెప్పేశానన్నావు. అవన్నీ తనకూ తెలుసు నాన్నా. తెలిసిన లెక్కలే ఒకరికొకరు అప్పజెప్పుకుంటే మాట ముందుకు సాగదు. అది 2001 మార్చి. తనకు నీ ఈడే అంటే, అప్పటికి ఇంకా పాలు తాగే పిల్ల. ఆ ఆట తను చూసి ఉండదు, ఎవరో చెబితే విని ఉంటుంది. నాలుగో రోజు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఒక్క వికెట్టూ పడకుండా ఇద్దరూ ఆడారు కదా, ఆ రోజు టీవీ ముందు నుంచి లేవనిది వాళ్ల నాన్నో, మేనమామో, తాతయ్యో అయ్యుంటారు. "నీకీ పిచ్చి ఎవరు పట్టించారు?" అని అడుగు. చెబుతున్నప్పుడు మధ్యలో దూరకు. ఏడాదో పరుగులో అటూఇటూ అయినా సరిదిద్దకు. ఆడపిల్ల నోట క్రికెట్ వినపడితే చాలు, మగపిల్లలు పరీక్ష పెట్టేస్తారు. కాలేజీలో నాకూ పెట్టారు. వాళ్లతో మళ్లీ ఆట గురించి మాట్లాడబుద్ధి కాలేదు.

తర్వాత నీ కథా చెప్పు. 2017లో లార్డ్స్ ఫైనల్లో మన మిథాలీ జట్టు 9 పరుగుల తేడాతో ఓడిపోయిన రాత్రి నువ్వు అన్నం ముట్టలేదు. అలాంటివి చెప్పు. స్కోరు ఎవరైనా చెబుతారు, ఆ రాత్రి సంగతి నువ్వే చెప్పగలవు.

ఇక ఉప్పల్ మ్యాచ్ సంగతి. తొలిసారే ఇద్దరే వెళ్లొద్దని నా మాట. ఏడున్నరకు మొదలైన ఆట అయ్యేసరికి పదకొండు దాటొచ్చు. వాళ్లిల్లు మియాపూర్ అన్నావు. ఆ జనంలో స్టేడియం స్టేషన్లో రైలెక్కి, అమీర్‌పేటలో మారి ఇంటికి చేరాలి. ఆట నచ్చినా, చివరి ఐదు ఓవర్లూ తన మనసు ఇంటి మీదే ఉంటుంది. పైగా ఆ హోరులో ఏం మాట్లాడుకుంటారు? ముందు మీ ఆఫీసు వాళ్లందరితో కలిసి వెళ్లండి. లేదంటే ఆదివారం మధ్యాహ్నం మ్యాచ్ ఉన్నప్పుడు టీవీ ఉన్న ఏ కేఫ్‌లోనో కూర్చోండి. ఓవర్ల మధ్య దొరికే ఆ కాస్త తీరికలోనే అసలు కబుర్లు నడుస్తాయి.

ఒకటి మాత్రం మనసులో పెట్టుకో. క్రికెట్ ఇష్టమైనంత మాత్రాన నువ్వూ ఇష్టమని కాదు. మ్యాచ్‌లు లేని వారం చూడు. తనంతట తను మెసేజ్ పెడుతోందా, ఇంటి సంగతులో ఆఫీసు చికాకులో చెబుతోందా? చెబుతుంటే, ఆట సాకు లేకుండా టీకి రమ్మని అడుగు. స్కోరు అడిగితే స్కోరు చెప్పి ఊరుకుంటోందంటే తనకు కావాల్సింది క్రికెట్ స్నేహమే. అప్పుడు మొహం ముడుచుకుని మాటలు మానేయకు, ఆ స్నేహం అలాగే ఉండనీ. టికెట్లు మాత్రం తనను అడిగాకే కొను. కొనేసి అడిగితే కాదనడానికి మొహమాటపడుతుంది.

మీ అమ్మ