ఫ్రీలాన్సర్లకి జీఎస్టీ ‘ఉండదు’ అని రాస్తే ఎలాగండీ

సంపాదకుడు గారికి నమస్కారం,

పోయిన వారం మీ బిజినెస్ పేజీలో విదేశీ క్లయింట్లకి పనిచేసే ఫ్రీలాన్సర్లకి జీఎస్టీ ఉండదు అని ఒక్క లైన్‌లో తేల్చేశారు. నేను రిటర్నులు ఫైల్ చేసే పనిలో ఉన్నాను, ఆ కటింగ్ పట్టుకొని వచ్చి మరి మాకు రిజిస్ట్రేషన్ దేనికండీ అని అడిగేవాళ్ళు మొదలయ్యారు, అందుకే రాస్తున్నా.

ఉండదు అనడం వేరు, రేటు సున్నా అనడం వేరు. ఐజీఎస్టీ చట్టం సెక్షన్ 16 ప్రకారం సర్వీస్ ఎక్స్‌పోర్ట్ జీరో రేటెడ్. అంటే క్లయింట్ దగ్గర పన్ను తీసుకోనక్కర్లేదు, పైగా మనం సాఫ్ట్‌వేర్ సబ్‌స్క్రిప్షన్లకీ ఇంటర్నెట్‌కీ కట్టిన జీఎస్టీ వెనక్కి అడగొచ్చు. అదే ఎగ్జెంప్ట్, అంటే మీరు రాసినట్టు అసలు పన్నే ఉండదు అనే రకం అయితే, మనం కట్టిన ఆ పన్నుకి క్రెడిట్ రాదు. ఇంకోటి, రిజిస్ట్రేషన్‌కి చూసే 20 లక్షల టర్నోవర్‌లో ఈ విదేశీ ఆదాయం కూడా కలుస్తుంది. అంతా డాలర్లే కదా లెక్కలోకి రాదు అనుకొని ఆ హద్దు దాటిపోయినవాళ్ళని చూశాను.

అసలు తికమక అంతా ప్లేస్ ఆఫ్ సప్లై దగ్గర, అంటే సర్వీస్ ఏ చోట అందినట్టు చట్టం లెక్క వేస్తుందన్న దగ్గర. నెల్లూరులో ఇంట్లో కూర్చుని వీడియో ఎడిట్ చేశాడు, పని జరిగింది నెల్లూరులోనే కదా మరి ఎక్స్‌పోర్ట్ ఎలా అవుతుంది అని అడుగుతారు. సప్లయర్‌గానీ తీసుకునేవాడుగానీ ఒకరు దేశం బయట ఉంటే సెక్షన్ 13 చూడాలి, అందులో మామూలు రూల్ ఏంటంటే సర్వీస్ తీసుకునేవాడు ఎక్కడుంటే అదే ప్లేస్. కాబట్టి జర్మనీ కంపెనీకి నెల్లూరు నుంచి ఎడిట్ చేసిస్తే ప్లేస్ ఆఫ్ సప్లై జర్మనీయే. ఎడిటర్ ఎక్కడ కూర్చున్నాడన్నది కాదు ప్రశ్న.

మరి తీసుకునేవాడు ఎవరు? డబ్బు ఇవ్వాల్సిన బాధ్యత ఎవరిదో వాడు. ఇక్కడే బోల్తా పడతారు. మాట్లాడేది లండన్ ఆఫీస్ వాళ్ళు, మెయిల్స్ అక్కడి నుంచే, కానీ అగ్రిమెంట్ తీసి చూస్తే సంతకం బెంగళూరులో ఉన్న వాళ్ళ ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీది, బిల్లు ఆ కంపెనీ పేరు మీదే, ఇక అది ఎక్స్‌పోర్ట్ కాదు, 18 శాతం వెయ్యాల్సిందే. డబ్బు డాలర్లలో వచ్చినా అంతే. అందుకే నేను ఎవరొచ్చినా బ్యాంక్ స్టేట్‌మెంట్ కంటే ముందు అగ్రిమెంట్ అడుగుతా.

మామూలు రూల్‌కి మినహాయింపులు ఉన్నాయి. క్లయింట్ వస్తువుని ఇక్కడికి పంపి దాని మీద పని చేయించుకుంటే పని జరిగిన చోటే ప్లేస్ అవుతుంది. ఇది చూసి సర్క్యూట్ బోర్డు తెప్పించుకొని దానికి సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళు భయపడ్డారు, దాని మీదే 2019 అక్టోబర్‌లో 118వ నంబర్ సర్క్యులర్ వచ్చింది, అసలు పని సాఫ్ట్‌వేర్ డిజైన్, బోర్డు మీద టెస్టింగ్ అందులో ఒక భాగమే, కాబట్టి తీసుకునేవాడు ఉన్న చోటే లెక్క అని. ఇంకో భయం మనల్ని ఇంటర్మీడియరీ, అంటే మధ్యవర్తి, అంటారేమో అని. విదేశీ ఏజెన్సీ తన క్లయింట్ పనిలో కొంత మనకి సబ్‌ కాంట్రాక్ట్ ఇస్తే అది ఇంటర్మీడియరీ కాదని 2021 సెప్టెంబర్‌లో 159వ సర్క్యులర్ స్పష్టంగానే చెప్పింది. మన పని మనం చేసిస్తున్నాం, ఇద్దరిని కలిపి కమీషన్ తీసుకోవడం లేదు. నోటీస్ వస్తే ఈ రెండు నంబర్లూ జవాబులో రాయండి.

ప్లేస్ బయట ఉంటే చాలదు. సెక్షన్ 2(6) డబ్బు విదేశీ మారకంలో రావాలంటుంది, లేదా రిజర్వ్ బ్యాంక్ ఒప్పుకున్న చోట రూపాయల్లో. పన్ను కట్టకుండా పంపాలంటే ఎల్‌యూటీ అనే హామీపత్రం కావాలి, పోర్టల్‌లో RFD-11 నింపితే వస్తుంది, ఫీజు లేదు, కానీ ఆర్థిక సంవత్సరం మారితే మళ్ళీ వెయ్యాలి, ఏప్రిల్‌లో సగం మంది మర్చిపోతారు. మర్చిపోయినంత మాత్రాన అంతా పోయినట్టు కాదు, ఎక్స్‌పోర్ట్ నిజంగా జరిగిందని రుజువు ఉంటే ఆలస్యాన్ని మన్నించి వెనక తేదీ నుంచి ఒప్పుకోవచ్చని 2019 నవంబర్ 125వ సర్క్యులర్‌లో ఉంది. డబ్బు రాకపోతే మాత్రం చిక్కే. ఇన్వాయిస్ తేదీ నుంచి ఏడాది, లేదా విదేశీ మారక చట్టం ఫెమా కింద ఉన్న గడువు, ఏది తర్వాత అయితే అది, దాటాక 15 రోజుల్లో వడ్డీతో సహా ఐజీఎస్టీ కట్టాలి.

రిఫండ్ దగ్గర ఒక సంగతి చాలామందికి ఎవరూ చెప్పరు. ఒకమ్మాయి ఉందనుకోండి, క్లయింట్లందరూ విదేశీయులే, ఒక క్వార్టర్‌లో సబ్‌స్క్రిప్షన్లకీ కోవర్కింగ్ అద్దెకీ కలిపి 9,000 జీఎస్టీ కట్టింది, అదే క్వార్టర్‌లో లక్ష రూపాయల లాప్‌టాప్ కొని దాని మీద ఇంకో 18,000 కట్టింది. ఎల్‌యూటీ దారిలో రిఫండ్ ఫార్ములాలోకి ఇన్‌పుట్లూ ఇన్‌పుట్ సర్వీసుల క్రెడిటే వస్తుంది, లాప్‌టాప్ క్యాపిటల్ గూడ్స్ కింద లెక్క కాబట్టి ఆ 18,000 అందులో రాదు. వచ్చేది 9,000. ఇక్కడ లోకల్ క్లయింట్ ఉంటే ఆ పన్నుకి సర్దుకోవచ్చు, లేకపోతే లెడ్జర్‌లో అలాగే పడి ఉంటుంది. రెండో దారి ఏంటంటే ఎల్‌యూటీ కింద కాకుండా ఐజీఎస్టీ కట్టి పంపడం. లక్షా యాభై వేల ఇన్వాయిస్ మీద 18 శాతం అంటే 27,000, ఆ అమ్మాయి క్రెడిట్ మొత్తం కూడా సరిగ్గా అంతే, జేబులోంచి పైసా తియ్యకుండా ఆ క్రెడిట్‌తోనే కట్టి తర్వాత 27,000 రిఫండ్ అడగొచ్చు. లాప్‌టాప్ కొన్న క్వార్టర్‌లో ఈ లెక్క వేసుకోవాలి, మిగతా రోజుల్లో ఎల్‌యూటీయే సుఖం.

ఏ దారిలో వెళ్ళినా రిఫండ్‌కి డబ్బు బయటి నుంచి వచ్చిందని బ్యాంక్ కాగితం, ఎఫ్‌ఐఆర్‌సీగానీ బీఆర్‌సీగానీ, జతచెయ్యాలి. ఆన్‌లైన్ పేమెంట్ గేట్‌వేల ద్వారా డబ్బు తీసుకునేవాళ్ళకి తలనొప్పి ఇక్కడే. నాలుగైదు ఇన్వాయిస్‌ల డబ్బు కమీషన్ కోసుకొని ఒకే ముద్దగా రూపాయల్లో అకౌంట్‌లో పడుతుంది, స్టేట్‌మెంట్‌లో చూస్తే ఇక్కడి కంపెనీ ఏదో పంపినట్టు ఉంటుంది, ఇది లోకల్ రసీదు కాదా అని ఆఫీసర్ అడిగితే ఆయన తప్పూ కాదు. నాకు తెలిసిన ఒకాయన రిఫండ్ ఈ ఒక్క కాగితం లేకే ఆగింది, గేట్‌వే వాళ్ళు బ్యాంకుని అడగమంటారు, బ్యాంకు వాళ్ళు గేట్‌వేని అడగమంటారు.

పన్ను రూల్స్ మార్చమని నేను అడగట్లేదు, అవి చదివితే అర్థమయ్యేలానే ఉన్నాయి. ప్రతి క్రెడిట్‌కీ పంపినవాడి పేరు, దేశం, విదేశీ కరెన్సీలో అసలు మొత్తం, కోసుకున్న కమీషన్, ఇన్వాయిస్ నంబర్ ఉన్న కాగితం అడక్కుండానే ఉచితంగా ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ ఈ గేట్‌వేలకీ బ్యాంకులకీ చెప్పాలి. మీ పేజీలో వచ్చే వారం ఆ ‘ఉండదు’ అన్న లైన్ సరిచేసి, వీలైతే ఈ కాగితం సంగతి కూడా బ్యాంకుల వాళ్ళని అడిగి రాయించండి.

ఇట్లు,
జీఎస్టీ రిటర్నులు ఫైల్ చేసే ఒక పాఠకురాలు,
గుంటూరు