ఒక్క బ్యాటరీ మాత్రమే మార్చడం ఇక మానేస్తున్నాం

“నాలుగింటిలో ఒకటే పోయింది కదండీ, ఆ ఒక్కటీ కొత్తది వేసేస్తే సరిపోదా?”

సరిపోదండీ. ఇన్నాళ్లూ అడిగినవాళ్లకి మేమే అలా వేసి ఇచ్చాం, ఆ తప్పు మాదే. కళ్లు తెరిపించిన కేసు ఒకటి చెబుతాను.

ఒక కస్టమర్ ఇంట్లో 48 వోల్టుల ఇన్వర్టర్. దానికి 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలు నాలుగు, సిరీస్‌లో. నాలుగేళ్లు వాడాక ఒకదాంట్లో సెల్ పోయింది. ఆ ఒక్కటే తీసి అదే కంపెనీది, అదే సైజుది కొత్తది పెట్టాం. 14 నెలలకి ఫోన్ వచ్చింది, బ్యాకప్ బాగా పడిపోయిందని. పాతవాటిలో ఇంకొకటి పోయి ఉంటుందనుకుంటూ వెళ్లాను.

చార్జింగ్ చివర్లో ఒక్కొక్క బ్యాటరీకీ మల్టీమీటర్ పెట్టి చూశాను. పాత మూడూ 14.8, 14.7, 14.8 చూపించాయి. కొత్తది 13.3 దగ్గరే ఉండిపోయింది. నాలుగూ కలిపితే సరిగ్గా 57.6. చార్జర్‌కి కావాల్సిన అంకె అదే, ఒక్కోదానికి 14.4 చొప్పున. అది చూసేది రెండు చివర్ల మధ్య మొత్తం వోల్టేజీనే, మధ్యలో ఎవరి వాటా ఎంతో దానికి తెలియదు. 57.6 వచ్చేసింది కాబట్టి కరెంటు తగ్గించేసి, కాసేపటికి ‘ఫుల్’ లైటు వెలిగించేసింది. తర్వాత హైడ్రోమీటర్‌తో కొత్తదాని యాసిడ్ లాగి సాంద్రత చూస్తే 1.190. నిండిన బ్యాటరీలో 1.240 పైన ఉండాలి.

పాతవాటి వోల్టేజీ ఎందుకు అంత త్వరగా ఎగిరింది? ఏళ్ల తరబడి వాడేసరికి ప్లేట్ల మీద గట్టిపడిన సల్ఫేట్ పేరుకుని లోపలి రెసిస్టెన్స్ పెరుగుతుంది, చార్జ్ పట్టే జాగా తగ్గుతుంది. కొంచెం కరెంటు ఎక్కగానే వోల్టేజీ పైకి పోతుంది. ఆ మూడూ కలిసి మొత్తాన్ని ముందే ముట్టేస్తే, కొత్తదానికి మిగిలేది 13.3. రోజూ కొద్దికొద్దిగా కొరత. ఆ కొరతే కొత్తదాని ప్లేట్ల మీదా సల్ఫేట్‌గా గట్టిపడింది. పాతవి బతికే ఉన్నాయి, కొత్తది వాటికంటే ముందు ముసలిదైంది!

దీనికి తలకిందులుగా కూడా జరుగుతుంది. పాతదాంట్లో ఒక సెల్ షార్ట్ అయిందనుకోండి, అది 12.6 దాటి ఎక్కదు. చార్జర్ మాత్రం 57.6 వచ్చేదాకా తోస్తూనే ఉంటుంది, మిగిలిన మూడింటికీ తలా 15.0 పడుతుంది. అప్పుడు కొత్తవి వేడెక్కుతాయి, నీళ్లు ఆవిరైపోతాయి, లోపలి గ్రిడ్ తుప్పు పడుతుంది. “కొత్త బ్యాటరీలే ఎక్కువ నీళ్లు తాగుతున్నాయి” అని ఫోన్ చేసేవాళ్లది చాలావరకు ఈ బాపతే. నీళ్లు పోసి ఊరుకోకండి, పక్కనున్న పాతదాన్ని కొలవండి.

ప్యారలల్‌లో కట్టినవాళ్లకి కథ వేరు. అక్కడ అన్నింటికీ వోల్టేజీ ఒకటే, కానీ రెసిస్టెన్స్ తక్కువున్న కొత్తది లోడ్‌లో పెద్ద వాటా మోస్తుంది. లోడ్ లేనప్పుడు, తనలో తాను కారిపోయే పాత బ్యాటరీ కొత్తదాని చార్జ్‌నే లాక్కుంటుంది. ఆ నష్టం బయటికి కనిపించదు.

ఇకపై మా పద్ధతి ఇది. సెట్ ఆరు నెలల లోపుదైతే, అదే మోడల్ కొత్తది ఒకటి ఇస్తాం, కానీ దాన్నీ మిగిలినవాటినీ విడివిడిగా పూర్తిగా చార్జ్ చేశాకే కలుపుతాం. అంతకంటే పాతదైతే రెండే దారులు: నాలుగూ మార్చడం, లేదా దాదాపు అంతే వయసున్న, లోడ్ మీద పరీక్షించిన వాడిన బ్యాటరీ వేయడం. అలాంటివి మా దగ్గర అన్నివేళలా ఉండవు, ఉన్నప్పుడు చెబుతాం. బ్యాలెన్సర్ పెడితే చాలదా అని కొందరు అడుగుతున్నారు. చార్జింగ్‌లో వోల్టేజీ తేడాని అది కొంత సర్దుతుంది, పాతదానికి పోయిన కెపాసిటీని మాత్రం తిరిగి తేలేదు.

గతంలో మా దగ్గర ఒక్కటే మార్పించుకున్నవాళ్లు, చార్జింగ్ చివర్లో ఒక్కోదాని వోల్టేజీ కొలిచి మాకు పంపండి. మల్టీమీటర్ లేకపోతే మేమే వచ్చి చూస్తాం. వాటి మధ్య తేడా 0.4 వోల్టు దాటితే, ఆ కొత్తదాన్ని బయటికి తీసి విడిగా నెమ్మదిగా చార్జ్ ఎక్కించి చూస్తాం. సల్ఫేట్ ఇంకా గట్టిపడకపోతే కొంత కోలుకుంటుంది. 14 నెలలు అలాగే ఉండిపోయిన ఆ కస్టమర్ బ్యాటరీ మాత్రం కోలుకోలేదు, దాని బదులు మా ఖర్చుతో ఇంకోటి ఇచ్చాం.