పల్లె వెలుగు బస్సుల్లో రోజువారీ ఛార్జీకి పరిమితి పెట్టండి: రవాణా మంత్రిగారికి బహిరంగ లేఖ

రాష్ట్ర రవాణా శాఖ మంత్రివర్యులకు నమస్కారాలు.

నెలవారీ పాస్ ఎవరికి కలిసొస్తుందో మీకు తెలుసు. నెల మొదట్లోనే మొత్తం డబ్బు కట్టగలిగి, రోజూ ఒకే దారిలో తిరిగేవాళ్లకే. పొదలకూరులో ఉండే ఎలక్ట్రీషియన్‌కు అది పనికిరాదు. ఈ రోజు పని నెల్లూరులోనో ముత్తుకూరులోనో పొద్దున ఫోనొచ్చేదాకా అతనికే తెలియదు. అందుకే ఎక్కిన ప్రతి బస్సుకూ టికెట్ కొంటాడు, పాస్ ఉన్నవాళ్లకంటే ఎక్కువ కడతాడు.

లండన్‌లో ఈ చిక్కు 2005లోనే తీర్చారు. అక్కడి బస్సుల్లో, రైళ్లలో ఛార్జీ కట్టే ఆయిస్టర్ కార్డు ఆ రోజు ఛార్జీలను తనే కూడుకుంటూ పోతుంది. మొత్తం నిర్ణీత పరిమితికి చేరగానే కోత ఆగిపోతుంది. అక్కడ 2025లో బస్సు టికెట్ 1.75 పౌండ్లు, రోజుకు పరిమితి 5.25. అంటే మూడు ప్రయాణాలకే డబ్బు, నాలుగోది మొదలు ఉచితం. పొద్దున్నే ఏ పాస్ కొనాలో తేల్చుకోనక్కర్లేదు.

మన దగ్గర ఛార్జీ దూరాన్ని బట్టి మారుతుంది కాబట్టి లెక్క కొంచెం వేరు. ఇక్కడా అలాంటి కార్డే పెట్టి, రోజుకు పరిమితి 80 రూపాయలు అనుకుందాం. ఈ రేట్లన్నీ ఉదాహరణకే. మన ఎలక్ట్రీషియన్ పొదలకూరు నుంచి నెల్లూరుకు 30, అక్కణ్నుంచి ముత్తుకూరుకు 20, తిరిగి నెల్లూరుకు 20 కట్టాడు. కార్డులో లెక్క 70కి చేరింది. ఇంటికెళ్లే బస్సులో టికెట్ 30 అయినా కార్డు నుంచి 10 మాత్రమే పోవాలి. రాత్రి మళ్లీ బస్సెక్కితే సున్నా టికెట్. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి కింద ఆడవాళ్లకు సున్నా టికెట్ కొడుతూనే ఉన్నారు కాబట్టి కండక్టర్లకు ఇది కొత్తేమీ కాదు.

లండన్ బస్సులో ఎక్కేటప్పుడు ఒకసారి కార్డు తాకిస్తే చాలు, ఛార్జీ అంతటా ఒకటే గనుక. దూరాన్ని బట్టి వసూలు చేసే రైళ్లలో దిగేటప్పుడూ తాకించాలి. మరిచిపోతే ఎక్కువ కోత పడుతుంది. మనకు కండక్టరే దిగే స్టేజీ అడిగి టికెట్ కొడతారు కనుక ఆ బాధ లేదు. సిగ్నల్ అందని ఊళ్లకు వెళ్లే బస్సుల కోసం ఆ రోజు కట్టిన మొత్తాన్ని కార్డు చిప్‌లోనే రాసిపెట్టాలి. సర్వర్‌ను అడిగి తెలుసుకునే పద్ధతైతే దారిలో తెగిపోతుంది.

రెండు విషయాలు ముందే జనానికి చెప్పాలి. చిల్లరతో కొన్న టికెట్ లెక్కలోకి రాదు. ఒక మనిషికి ఒకే కార్డు. పొద్దున కార్డుతో, సాయంత్రం ఫోన్‌తో కడితే రెండూ వేర్వేరు ఖాతాలవుతాయి, పరిమితి ఎప్పటికీ రాదు. అందుకే ప్రతి టికెట్ మీదా "ఈ రోజు మొత్తం", "ఇంకా మిగిలింది" అని రెండు అంకెలు ముద్రించండి. తేడా వస్తే ప్రయాణికుడు అక్కడికక్కడే కండక్టర్‌ను అడగగలుగుతాడు.

ముందుగా నెల్లూరు, ఆత్మకూరు, కావలి డిపోల పల్లె వెలుగు బస్సుల్లో మూడు నెలలు నడిపి చూడమని మనవి. రోజును అర్ధరాత్రితో ముగించకండి. లండన్‌లో లాగా తెల్లవారుజాము నాలుగున్నరకు మార్చితే రాత్రి షిఫ్ట్ ముగించుకుని ఇంటికెళ్లేవాళ్లకు ఒకే రోజు రెండుగా చీలదు.

ఇట్లు,
నెల్లూరు జిల్లా బస్సు ప్రయాణికుడు