పరీక్ష వాయిదా వేస్తే, ఏ పాఠం దాకా అన్నదీ చెప్పండి

సంపాదకులకు,

నమస్కారం. తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న మన శ్రీకాకుళం జిల్లాలోనే తీరం దాటింది. గులాబ్ 2021 సెప్టెంబరు 26న కళింగపట్నానికి దగ్గర్లో దాటింది. బడుల్లో పరీక్షల కాలమూ తుపాన్ల కాలమూ ఇలా ఒకదాని మీద ఒకటి పడుతూనే ఉంటాయి. సెలవు ప్రకటన గంటలో ఊరంతా తెలిసిపోతుంది. ఆగిపోయిన పరీక్ష మళ్లీ ఎప్పుడో చెప్పే నోటీసు దగ్గరే చిక్కంతా వస్తోంది. ‘వాయిదా పడిన పరీక్షలు నిర్వహించబడును, విద్యార్థులు గమనించగలరు’ అని రాస్తారు. పిల్లలు గమనిస్తూనే ఉంటారు గానీ, అందులో గమనించడానికి ఏమీ ఉండదు.

ఉదాహరణకి పదో తరగతి సమ్మెటివ్ పరీక్షలు నవంబరు 10 మంగళవారం మొదలయ్యాయనుకుందాం. 12 గురువారం గణితం, 13 శుక్రవారం భౌతికశాస్త్రం, 16 సోమవారం జీవశాస్త్రం, 17 మంగళవారం సాంఘికం. తుపాను వల్ల 12, 13 తేదీల్లో సెలవిచ్చారు. ఇప్పుడు రెండు దారులున్నాయి. ఆగిన రెండు పేపర్లను చివరికి జరిపి 18, 19 తేదీల్లో పెట్టడం ఒకటి. లేదా మిగిలిన పరీక్షలన్నీ వెనక్కి జరిపి 16న గణితం, 17న భౌతికశాస్త్రం, ఆ తర్వాత మిగతావి పెట్టడం. ఎలా చేసినా పరీక్షలు 19వ తేదీకే ముగుస్తాయి! అందుకే ‘పరీక్షలు 19 వరకు పొడిగించడమైనది’ అన్న ఒక్క వాక్యాన్ని సగం మంది ఒకలా, సగం మంది మరోలా అర్థం చేసుకుంటారు. సోమవారం పొద్దున కొందరు గణితం చదువుకొని, కొందరు జీవశాస్త్రం చదువుకొని వస్తారు.

చాలావరకు అమలయ్యేది మొదటి పద్ధతే. దానికి కారణం ఉంది. ప్రశ్నపత్రాలు ఏ రోజువి ఆ రోజుకి విడివిడిగా కట్టి సీలు వేసి వస్తాయి. తుపాను లేని జిల్లాల్లో 16న జీవశాస్త్రం రాసేస్తారు. మనం ఆ పేపరును 18కి జరిపితే అప్పటికే అది అందరి ఫోన్లలో ఉంటుంది. ఇంటర్మీడియట్ పరీక్షల్లోనూ ఇదే జరిగింది. అసని తుపాను వల్ల 2022 మే 11 నాటి పరీక్షను మే 25కి మార్చి, 12 నుంచి మిగిలినవి పాత టైంటేబుల్ ప్రకారమే పెట్టారు. కాబట్టి నోటీసులో మారిన పేపర్లు రాస్తే సరిపోదు. ‘16, 17 తేదీల పరీక్షల్లో ఏ మార్పూ లేదు’ అన్న ముక్క కూడా ఉండాలి. మారినదాని కన్నా మారనిది చెప్పకపోవడం వల్లే ఎక్కువ మంది దెబ్బ తింటున్నారు.

ఇక సిలబస్ సంగతి. తల్లిదండ్రుల దగ్గర ఎక్కువగా వినపడే ప్రశ్న ఇదే. గణితం 12 నుంచి 18కి జరిగింది. ఆ మధ్యలో బడి తెరిచాక పరీక్ష లేని పూట మాస్టారు కొత్త పాఠం మొదలుపెడతారు. అది కూడా వస్తుందేమోనని పిల్లలకు అనుమానం. ట్యూషన్‌లో ‘టైం ఎక్కువిచ్చారు కదా, ఇస్తారులే’ అంటారు. నిజానికి 12వ తేదీకి తయారైన పేపరు 12వ తేదీ సిలబస్‌తోనే ఉంటుంది. అది బయటపడిందని వేరే పేపరు ఇచ్చినా సిలబస్ పరిధి, మార్కుల విభజన మారడానికి కారణం లేదు. పక్క జిల్లాలో 12న రాసిన పేపరు వాట్సాప్‌లో దొరికింది కదా అని బట్టీ కొట్టే పిల్లలకు కూడా ఈ మాట చెప్పాలి. మనకు అదే పేపరు వస్తుందన్న హామీ లేదు.

పరిధిని పాఠం పేరుతో వదిలేయకూడదు. ‘త్రిభుజాలు వరకు’ అని రాశారనుకోండి. ఆ పాఠంలో ప్రాథమిక అనుపాత సిద్ధాంతం మీద అభ్యాసం 6.2 ఉంది, సరూపత నియమాల మీద 6.3 ఉంది. ఒక్క 6.3లోనే 16 లెక్కలున్నాయి. అది ఉందా లేదా అన్నది పిల్లవాడికి రెండు రోజుల చదువు. పేజీ నంబర్లు ఇవ్వడం ఇంకా ప్రమాదం. ద్విభాషా పుస్తకంలో ఒకే విషయం తెలుగులో ఒక పేజీలో, ఇంగ్లిషులో మరో పేజీలో ఉంటుంది. గైడులో ఇంకో నంబరు. అభ్యాసం నంబరు ఇస్తే ఈ గొడవ ఉండదు.

పై ఉదాహరణకి నోటీసు ఇలా ఉంటే చాలు:

‘10వ తరగతి విద్యార్థులకు, తల్లిదండ్రులకు. తుపాను సెలవుల వల్ల ఆగిన రెండు పరీక్షలకు కొత్త తేదీలు: గణితం (12న జరగవలసినది) నవంబరు 18 బుధవారం, భౌతికశాస్త్రం (13న జరగవలసినది) నవంబరు 19 గురువారం. సమయం పాతదే. 16న జీవశాస్త్రం, 17న సాంఘికం యథాతథం. ఇప్పటికే రాసిన పరీక్షలు మళ్లీ రాయనక్కర్లేదు. గణితం సిలబస్: 1వ పాఠం నుంచి 6వ పాఠంలో అభ్యాసం 6.2 వరకు. సెలవుల తర్వాత చెప్పిన పాఠం ఈ పరీక్షకు లేదు. పరీక్ష మన బడిలోనే జరుగుతుంది.’

భౌతికశాస్త్రం పరిధి కూడా ఇలాగే కింద రాయాలి. చివరి వాక్యం అనవసరం అనిపించవచ్చు. కానీ తుపాను వస్తే మొదట పునరావాస కేంద్రాలయ్యేది బడులే. గదులు ఖాళీ అయి, శుభ్రం చేసి, బెంచీలు సర్దాకే పరీక్ష. ఈలోగా వేరే చోట పెడుతున్నారన్న పుకారు పుట్టకుండా ఉండదు.

జిల్లా సరిహద్దు దగ్గర మరో మెలిక ఉంది. సెలవును ఏ జిల్లాకి ఆ జిల్లా కలెక్టరు ప్రకటిస్తారు. 2022లో జిల్లాల విభజన జరిగాక రాజాం విజయనగరం జిల్లాలోకి వెళ్లింది. పక్కనున్న జి.సిగడాం శ్రీకాకుళంలోనే ఉంది. సిగడాం వైపు నుంచి రాజాంలో చదివే పిల్లలకు లెక్కకొచ్చేది ఇంటి జిల్లా కాదు, బడి ఉన్న జిల్లా. రాజాం బడుల నోటీసుల్లో ఈ మాట ఉండాలి.

నోటీసును వాట్సాప్‌లో పెట్టి ఊరుకుంటే చాలదు. తిత్లీ తర్వాత ఉద్దానం పల్లెల్లో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి. మామూలు రోజుల్లో కూడా తీరగ్రామాల్లో బడి రిజిస్టరులో ఉన్న నంబరు చాలాసార్లు తండ్రిది. ఆయన వేటకి గుజరాత్‌లోని వేరావల్‌లో ఉంటాడు. మెసేజి అక్కడికి వెళ్తుంది, పిల్లవాడు ఇక్కడుంటాడు. అందుకని బడి గేటుకి, సచివాలయానికి, రామమందిరం అరుగు దగ్గర ఒక్కో కాగితం అంటించాలి, ఊళ్లో దండోరా వేయించాలి. కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టాలి. తేదీని అంకెల్లోనే కాక అక్షరాల్లో కూడా రాయాలి. స్కెచ్ పెన్నుతో రాసిన 18 ఒక్క జల్లు పడితే 13లా కనిపిస్తుంది.

ఇట్లు,
విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు,
నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా