నూనె డబ్బా కంటే ముందు నెయ్యి గిన్నె చూడరా

ఒరే శ్రీనూ,

నీ రిపోర్టు చూశాను. ఎల్‌డీఎల్, అదే చెడు కొలెస్ట్రాల్, 162 అంటే పట్టించుకోవాల్సిన అంకెరా. "వేరుశెనగ నూనె మానేసి పొద్దుతిరుగుడు నూనెకి మారిపోనా, లేకపోతే ఆవనూనె తెప్పించనా?" అని అడిగావు. నువ్వు రాసి పంపిన రోజువారీ తిండినే తీసుకుని లెక్క కడతాను, జవాబు అందులోనే తేలిపోతుంది.

ఎల్‌డీఎల్‌ని పెంచేది ముఖ్యంగా సంతృప్త కొవ్వు. రక్తంలోని ఎల్‌డీఎల్‌ని లాగేసుకునే గ్రాహకాలు కాలేయంలో ఉంటాయి. సంతృప్త కొవ్వు ఎక్కువైతే వాటి పని మందగిస్తుంది, ఎల్‌డీఎల్ రక్తంలోనే తిరుగుతూ ఉండిపోతుంది. నీలా ఎల్‌డీఎల్ ఎక్కువున్న వాళ్ళు రోజుకి 2000 కేలరీలు తింటుంటే, సంతృప్త కొవ్వు 13 గ్రాముల దగ్గర ఆగాలి. ఇదే నీ బడ్జెట్ అనుకో.

ఇప్పుడు నీ కంచం చూద్దాం. పొద్దున్న ఇడ్లీలో కారప్పొడి మీదికి రెండు చెంచాల నెయ్యి, మధ్యాహ్నం ముద్దపప్పు ఆవకాయలోకి రెండు, రాత్రి ఒకటి. ఐదు మిల్లీలీటర్ల చిన్న చెంచాతోనే కొలిచినా, చెంచాకి దాదాపు 2.8 గ్రాముల సంతృప్త కొవ్వు. ఐదింటికి 14. అంటే కూరలో నూనె సంగతి ఎత్తకుండానే బడ్జెట్ దాటిపోయిందన్నమాట.

కూరలు, పులుసు, తాలింపు అన్నీ కలిపి నీ వాటాకి 20 గ్రాముల నూనె పడుతుందనుకుందాం. అది వేరుశెనగ నూనె అయితే సంతృప్త కొవ్వు మూడున్నర గ్రాములు, పొద్దుతిరుగుడు అయితే రెండు చిల్లర. ఆవనూనె కూడా దానికి అటూ ఇటూగానే ఉంటుంది. డబ్బా మారిస్తే మిగిలేది గ్రామో గ్రామున్నరో! అదే నెయ్యి ఐదు చెంచాల నుంచి ఒక్కదానికి తగ్గిస్తే 11 గ్రాములు మిగులుతాయి. కాబట్టి ఆ ఒక్క చెంచా మధ్యాహ్నం పప్పన్నంలోకి ఉంచుకో, ఇడ్లీపొడిలోకి వేరుశెనగ నూనె వేసుకో. గిన్నె వంచి పోసుకోవద్దు, చెంచాతోనే వేసుకో. వేడన్నం మీద చెయ్యి వంచితే ఎంత పడిందో ఎవరికీ తెలియదు.

కొబ్బరి నూనె గురించి మాత్రం గట్టిగా చెబుతున్నాను. చుట్టూ కొబ్బరి తోటలే కాబట్టి, స్వచ్ఛంగా ఆడించింది దొరుకుతుంది కాబట్టి గుండెకి మంచిదని ఎవరైనా చెబితే నమ్మకు. అందులో వంద గ్రాములకి ఎనభై పైగా సంతృప్త కొవ్వే. నెయ్యిలో అరవై పైచిలుకు. అదే 20 గ్రాములు కొబ్బరి నూనెతో వండితే ఒక్కరోజుకి 17 గ్రాములు! మామూలు వంటనూనెల బదులు ఇది వాడితే ఎల్‌డీఎల్ సగటున డెసీలీటరుకి 10 మిల్లీగ్రాముల దాకా పెరుగుతుందని పరీక్షల్లో తేలింది. సీసా మీద "కొలెస్ట్రాల్ లేదు" అని ఉంటుంది. నిజమే, మొక్కల నుంచి తీసిన ఏ నూనెలోనూ ఉండదు. నువ్వు చూడాల్సింది వెనకవైపు పట్టికలో సంతృప్త కొవ్వు ఎంతని. రోజూ చేసుకునే కొబ్బరి పచ్చడిలోనూ అదే కొవ్వు ఉంటుంది, అందుకని ఒకరోజు అల్లం పచ్చడి, ఒకరోజు టమాటా పచ్చడి చేయించుకో.

ఇక మిగిలిన మూడు నూనెల్లో రోజువారీకి వేరుశెనగ నూనే ఉంచుకో, మన పులుసులకి రుచీ అదే. గానుగ నూనె కొంటే గింజ బూజు పట్టనిదై ఉండాలి, మన తేమకి గింజ తొందరగా బూజెక్కుతుంది. ఆ బూజు విషం శుద్ధి చేయని నూనెలోకి దిగుతుంది. పొద్దుతిరుగుడు నూనె తాలింపులకీ వేపుళ్ళకీ బాగుంటుంది కానీ, బూరెలు, గారెలు వేయించి మిగిలిన నూనెని మళ్ళీ మళ్ళీ కాచడానికి పనికిరాదు, వేడికి తొందరగా చెడిపోతుంది. నురగ పట్టినా, జిగురుగా చిక్కబడినా, మామూలు మంటకే పొగ వచ్చినా పారబోయించు. పాతదానిలో కొత్త నూనె కలిపితే కొత్తదీ పాడవుతుంది. ఆవనూనెలో ఒమేగా-3 కొంత ఉంది, మంచిదే. కానీ ఆ ఘాటు చేపల పులుసుకి పడదు, నీ లెక్కలో అది తెచ్చే లాభమూ చిన్నదే. దానికోసం వెతుక్కోనక్కర్లేదు.

నూనె మంచిదైనా కొలత తప్పకూడదు. మనిషికి రోజుకి మూడు చిన్న చెంచాలు లెక్క పెట్టుకుంటే మీ నలుగురికి నెలకి రెండు లీటర్లలోపే సరిపోతుంది. నెల మొదట్లో అంతే డబ్బాలో పోసి విడిగా పెట్టమని చెల్లెమ్మకి చెప్పు. ఇరవయ్యో తారీఖుకే ఖాళీ అయిందంటే ఎక్కడో ఎక్కువ పోస్తున్నట్టే.

ఇంకొకటి మర్చిపోకు, గేదె పాలు. మీగడతో తోడుపెట్టిన ఒక కప్పు పెరుగులో సంతృప్త కొవ్వు ఎనిమిది గ్రాములు, అంతకు మించి కూడా ఉండొచ్చు. పాలు కాచి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున్న మీగడ తీసేశాకే తోడుపెట్టించు. ఆ మీగడ దాచి నెయ్యి కాస్తే మళ్ళీ నీ కంచంలోకే వస్తుంది సుమా!

డాక్టరు మాత్రలు రాసి ఉంటే ఆపకు, తిండి మార్చుకున్నా అవి వాడాల్సిందే. ఇలా ఎనిమిది వారాలు చేసి మళ్ళీ పరీక్ష చేయించుకుని, ఆ అంకె నాకు రాయి.

నీ
సత్తి